గోలీల స్ట్రిప్ మీద గడువు తేదీ చదవలేకపోతున్నామని ఫిర్యాదు

మందుల తయారీ కంపెనీ నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: అమ్లోడిపిన్ 5 మి.గ్రా. స్ట్రిప్ మీద గడువు తేదీ, బ్యాచ్ నంబర్ అచ్చు గురించి.

అయ్యా,

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా పెద్దమ్మకు ఈమధ్యే బీపీ ఉందని తేలింది. ప్రాణహిత దాటి చెన్నూరు వెళ్లి చూపిస్తే డాక్టరు గారు రోజుకొక అమ్లోడిపిన్ 5 మి.గ్రా. గోలీ రాశారు. ఇన్నాళ్లూ ఏ మందూ వాడని మనిషి. మెడికల్ షాపులో మొదట ఐదు గోలీలే అడిగితే పది గోలీల స్ట్రిప్‌ను కత్తిరించి సగం ఇచ్చారు. అది మీ కంపెనీ మందే.

ఆ ముక్క వెనక మందు పేరు, మోతాదు రెండు మూడు చోట్ల ఉన్నాయి. గడువు తేదీ మాత్రం ఎక్కడా లేదు. ఎందుకంటే పేరు, మోతాదు మీరు రేకు మీద ముందే వరసగా అచ్చు వేయిస్తారు. బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ, ధర మాత్రం ప్యాకింగ్ సమయంలో స్ట్రిప్‌కు ఒక చివర ఒకేసారి కొడతారు. ఆ చివర షాపులోనే ఉండిపోయింది. మీ ఫిర్యాదు ఫారంలో బ్యాచ్ నంబర్ తప్పనిసరి అన్నారు. మా చేతిలోని ముక్క మీద లేని నంబర్ మేమెక్కడి నుంచి రాయాలి?

తర్వాత పూర్తి స్ట్రిప్ కొన్నాం. అక్కడ ఇంకో ఇబ్బంది. వెండి రంగు రేకు అంచు మీద సిరా లేకుండా ఒత్తి వదిలేశారు. టార్చి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే తప్ప అక్షరం కనపడదు. గడువు 08/2026 అని నేను చదివాను, 03/2026 అని తమ్ముడు చదివాడు. నెల, సంవత్సరం మాత్రమే ఉన్నప్పుడు ఆ నెల చివరి రోజు దాకా వాడుకోవచ్చని నిబంధన. అంటే నా లెక్కకు ఆగస్టు 31, వాడి లెక్కకు మార్చి 31. ఐదు నెలల తేడా ఒక్క గీత మీద ఆధారపడింది. డ్రగ్స్ రూల్స్ 1945లో 96వ నిబంధన ఈ వివరాలు చెరగని సిరాతో, కొట్టొచ్చినట్టు కనపడేలా ఉండాలంటోంది. రేకు మీద ఒత్తిన గుర్తును సిరా అనలేం కదా.

పెద్దమ్మ నల్లగా స్పష్టంగా ఉన్న ఒక పొడవాటి నంబర్ చూపించి ఇదే బ్యాచ్ నంబర్ అంది. అది మీ తయారీ లైసెన్సు నంబర్. ఆ లైసెన్సు కింద తయారయ్యే స్ట్రిప్‌లన్నిటి మీదా అదే ఉంటుంది. బ్యాచ్ నంబర్ మాత్రం ఒక్కో విడతకు మారుతుంది. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా నాసిరకంగా తేలిన మందుల జాబితా ఇచ్చేది కూడా బ్యాచ్ నంబర్లతోనే. ఆ నంబర్ చదవలేని మనిషికి జాబితా చేతికిచ్చినా లాభం లేదు.

కాంపోజిషన్ విషయం మీ తప్పు కాదు, అయినా చెప్తాను. చీటీలో అమ్లోడిపిన్ అని ఉంది, స్ట్రిప్ మీద "అమ్లోడిపిన్ బెసిలేట్, 5 మి.గ్రా. అమ్లోడిపిన్‌కు సమానం" అని ఉంది. షాపువాడు మందు మార్చాడేమోనని పెద్దమ్మకు టెన్షన్. బెసిలేట్ అంటే మందు కలిసి ఉన్న లవణం. గోలీలో లవణం బరువు దాదాపు 6.9 మి.గ్రా. ఉన్నా, అందులో లెక్కపెట్టే అసలు మందు 5 మి.గ్రా.నే. చీటీతో పోల్చుకోవాల్సింది "సమానం" తర్వాత వచ్చే అంకెను. మీరు ఆ అంకెను పెద్దగా వేస్తే చాలు.

ఇక చాలా చిన్న అక్షరాల్లో, 30 డిగ్రీలు మించకుండా, వెలుతురు, తేమ తగలకుండా ఉంచాలని రాశారు. ఆ షరతు పాటిస్తేనే గడువు తేదీకి విలువ. మా దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పెద్దమ్మ గోలీలను కిటికీ గూట్లో పెట్టింది. ఆ మాట కంటపడి ఉంటే లోపలి గది అల్మరాలో పెట్టేది. ఇప్పుడు అక్కడే ఉంచాం.

కాబట్టి గడువు తేదీ, బ్యాచ్ నంబర్ నల్ల సిరాతో ప్రతి రెండు గోలీల వెనకా వేయండి. అలా కుదిరేదాకా కనీసం అచ్చు చివరను ఆఖరి కొనుగోలుదారు దాకా కత్తిరించవద్దని, ముక్క కొన్నవాళ్లకు బిల్లు మీద ఆ రెండు వివరాలూ రాసివ్వమని షాపులకు చెప్పండి. మా స్ట్రిప్ గడువు మార్చా, ఆగస్టా అన్నది మీ రికార్డు చూసి రాతపూర్వకంగా తెలపండి. రెండు వైపులా తీసిన ఫోటోలు, బిల్లు నకలు జత చేశాను. మీ జవాబు వచ్చేదాకా ఆ స్ట్రిప్ వాడటం లేదు, తేదీ స్పష్టంగా ఉన్న వేరే స్ట్రిప్ కొని మందు ఆపకుండా వేస్తున్నాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇదే లేఖను మహారాష్ట్ర ఆహార, ఔషధ పరిపాలన విభాగానికి పంపుతాను.

ఇట్లు,
సిరొంచ నుంచి ఒక కొనుగోలుదారు