చివరి డ్రాప్‌లో ఎస్కార్ట్ ఎప్పుడుండాలి: కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రాత్రి షిఫ్టు క్యాబ్‌ల నిబంధనల్లో ఒక వాక్యం మార్చమని అడుగుతున్నాను. "చివరగా దిగేది మహిళ అయితే ఎస్కార్ట్ ఉండాలి" అని చాలా కంపెనీల పాలసీల్లో ఉంది. చివరగా దిగేది ఎవరో ఎప్పుడు తేల్చాలన్నది మాత్రం అందులో లేదు.

ఒక క్యాబ్‌లో ముగ్గురు మహిళలు, చివరి స్టాప్‌లో ఒక పురుషుడు అనుకోండి. సాయంత్రం రోస్టర్ ప్రకారం ఎస్కార్ట్ అక్కర్లేదు. బయలుదేరే ముందు ఆయన ట్రిప్ క్యాన్సిల్ చేసుకుంటాడు. ఇప్పుడు చివరగా మిగిలేది మహిళే, కానీ గార్డును అప్పటికే వేరే బండికి పంపేసి ఉంటారు. కాగితం మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే, బండి కదిలేటప్పుడు అందులో ఉన్నవారిని బట్టి ఎస్కార్ట్‌ను నిర్ణయించాలని, దారిలో రూట్ మారినా మళ్లీ చూడాలని, గార్డు వచ్చేదాకా బండి కదలకూడదని రాయించండి.

డ్రాప్ సమయం సంగతీ ఇంతే. డ్రైవర్ సందు మొదట్లో ఆపి యాప్‌లో ట్రిప్ ముగించేస్తే రికార్డులో ఆమె ఇల్లు చేరినట్టే. ఆ చీకటి సందులో నడిచే టెన్షన్ ఎక్కడా నమోదు కాదు. ఆమె ఇంట్లోకి వెళ్లి నిర్ధారించాకే ట్రిప్ ముగియాలి. నిర్ధారణ రాకపోతే కంట్రోల్ రూమ్ ఫోన్ చేయాలి.

ఫిర్యాదులు క్యాబ్ వెండర్‌కు కాకుండా నేరుగా కంపెనీ భద్రతాధికారికి చేరాలి. ఆ ట్రిప్ జీపీఎస్ రికార్డును విచారణ ముగిసేదాకా తుడిచేయకూడదు.

ఇట్లు,
రాత్రి షిఫ్టు ఉద్యోగిని