పీజీ ఖాళీ చేసేటప్పుడు నోటీసు కాగితం మీద ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

తిరుపతిలో బాలాజీ కాలనీ, భవానీ నగర్, ఎయిర్ బైపాస్ రోడ్డు చుట్టుపక్కల వీధుల్లో ఏ మూల చూసినా పీజీ బోర్డులే. కోచింగుకు వచ్చే పిల్లలు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు వీటిల్లోనే ఉంటున్నారు. చేరేరోజు అడ్వాన్సు కట్టించుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఖాళీ చేశాక అదే డబ్బు కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తోంది. మా చెల్లెలి కొడుకు విషయంలో ఇటీవల జరిగింది రాస్తే, ఇలాంటి చిక్కులో ఉన్న మరికొందరికి దారి తెలుస్తుందని ఈ ఉత్తరం.

వాళ్లది పలమనేరు. ఇక్కడ ఒక పీజీలో త్రీ షేరింగ్ గదిలో ఉండేవాడు. నెలకు భోజనంతో 7,500, అడ్వాన్సు 10,000. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనుక మూడు ముక్కలు రాసిచ్చారు: అడ్వాన్సు 10,000, మెయింటెనెన్స్ కటింగ్ 1,500, ఒక నెల నోటీసు. ఉద్యోగం మారడంతో జూన్ 8న వార్డెన్‌కు చెప్పి, నెలాఖరున ఖాళీ చేశాడు. జూన్ అద్దె ముందే కట్టేశాడు. అడ్వాన్సు అడిగితే యజమాని చేతిలో వెయ్యి రూపాయలు పెట్టారు. నోటీసు ఒకటో తేదీలోపు ఇవ్వలేదు కాబట్టి జూలై అద్దె మొత్తం పట్టుకున్నామని, మెయింటెనెన్స్ పోను మిగిలింది ఇంతేనని లెక్క చెప్పారు.

ఈ లెక్క తప్పు. కార్డు మీద ఉన్నది 'ఒక నెల నోటీసు' అని మాత్రమే. ఒకటో తేదీ మాట అందులో ఎక్కడా లేదు. అలాంటప్పుడు నోటీసు ఇచ్చిన రోజు నుంచి ముప్పై రోజులు లెక్కపెట్టాలి. జూన్ 8న చెప్పాడు కాబట్టి గడువు జూలై 8తో తీరుతుంది. జూలైలో ఎనిమిది రోజులకు, రోజుకు 250 చొప్పున 2,000 రూపాయలు. మెయింటెనెన్స్ 1,500 కూడా ఒప్పుకుంటే పదివేలలో 6,500 వెనక్కి రావాలి.

ఇంకో సంగతి ఉంది. వాడి మంచం జూలై 3నే వేరే అబ్బాయికి ఇచ్చారు. అంటే ఖాళీగా ఉన్నది రెండు రోజులే. 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసుకున్నా ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. ఒకే మంచానికి ఒకే నెలలో ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడం న్యాయమైన పరిహారం ఎలా అవుతుంది? హఠాత్తుగా మంచం ఖాళీ అయితే పీజీ నడిపేవారికి నష్టమే, కాదనను. వంటమనిషి జీతం, భవనం అద్దె ఆగవు. ఆ నష్టం ఎంతైతే అంతే పట్టుకోవాలి.

నేను లెక్క చూపిస్తే యజమాని మాట మార్చారు. "జూన్‌లో నాకెవరూ చెప్పలేదే, వార్డెన్‌కు చెబితే నాకు చెప్పినట్టా?" అన్నారు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. వార్డెన్లు నెలకొకరు మారతారు, నోటిమాటకు సాక్ష్యం ఉండదు. అదృష్టవశాత్తు మావాడు అదే రోజు, అద్దె ఫోన్‌పే చేసే నంబరుకే వాట్సాప్‌లో కూడా మెసేజ్ పెట్టాడు. 'సరే' అని జవాబు వచ్చింది. ఆ ఒక్క మాట లేకపోతే తేదీ మీదే వాదన ఆగిపోయేది. అలాంటి చాట్ ఫోన్ మార్చినప్పుడు పోకుండా చూసుకోవాలి.

అందుకే నోటీసు కాగితం మీద రాసి రెండు ప్రతులు తీయాలి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: "మీ పీజీలో రెండో అంతస్తు ఫలానా గదిలో ఫలానా మంచంలో, ఫలానా తేదీ నుంచి ఉంటున్నాను. అడ్వాన్సుగా 10,000 రూపాయలు ఫలానా తేదీన చెల్లించాను. ఈ రోజు నుంచి నెల రోజుల నోటీసు ఇస్తూ, ఫలానా తేదీన ఖాళీ చేస్తున్నాను. ఆ తేదీ వరకు అద్దె బాకీ లేకుండా కడతాను. ఒప్పుకున్న మెయింటెనెన్స్ మినహాయించి మిగిలిన అడ్వాన్సు, తాళం అప్పగించిన ఏడు రోజుల్లో ఈ ఖాతాకు జమచేయగలరు. ఇంకేమైనా పట్టుకోదలిస్తే దేనికెంతో రాతపూర్వకంగా తెలపగలరు." ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. గోడకు మేకు కొట్టారని, బీరువా తలుపు విరిగిందని తర్వాత పుట్టే కోతలకు అదే అడ్డుకట్ట. ఒక ప్రతి మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే పోస్టులో పంపాలి.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ ముక్క చెప్పగలను. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ సదుపాయం కావాలని, డెలివరీ రుజువు కావాలని అడగాలి. రసీదు, ట్రాకింగ్ పేజీ దాచుకోవాలి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చించకూడదు. సరైన చిరునామాకు పంపినా తిరస్కరించారనడానికి అదే ఆధారం.

ఖాళీ చేసేరోజు మంచం, బీరువా, బాత్రూమ్ వీడియో తీసి, తాళం ఇచ్చినట్టు ఒక మెసేజ్ పెట్టాలి. ఆధార్ ఒరిజినల్, సర్టిఫికెట్లు మాత్రం చేరేటప్పుడే చేతికివ్వకూడదు. అడ్వాన్సు వదులుకునేదాకా వాటిని అట్టిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

అప్పటికీ ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వాళ్లు ఇరువర్గాలతో మాట్లాడి సర్దుబాటుకు ప్రయత్నిస్తారు, తీర్పు ఇవ్వలేరు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. పలమనేరు వెళ్లిపోయిన పిల్లవాడు తిరుపతి చుట్టూ తిరగక్కర్లేదు, చిత్తూరులో వేయవచ్చు.

మావాడి విషయం అంతదూరం పోలేదు. లెక్కంతా రాసి స్పీడ్ పోస్టులో పంపాక యజమాని తానే ఫోన్ చేసి, ముందిచ్చిన వెయ్యి పోను 5,500 జమచేశారు. రెండు రోజుల నష్టమే లెక్కిస్తే ఇంకో 1,500 రావాలి. కొత్త ఉద్యోగంలో సెలవు దొరక్క వాడు అక్కడితో ఊరుకున్నాడు. పెద్దలెవరూ వెనక లేని పిల్లలైతే వెయ్యితోనే సరిపెట్టుకునేవారు.

నగరపాలక సంస్థకు నా విన్నపం. పీజీలకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఒక షరతు పెట్టండి. అడ్వాన్సు ఎంత, మెయింటెనెన్స్ కోత ఎంత, నోటీసు ఏ రోజు నుంచి లెక్క, డబ్బు ఎన్నాళ్లలో వెనక్కిస్తారు అన్న నాలుగు విషయాలు తెలుగులో అచ్చువేసిన రసీదు మీద ఉండాలి. అవే వివరాలు వార్డెన్ గది ముందు గోడ మీదా అంటించాలి. ఆ రసీదు నమూనాను కార్పొరేషనే తయారుచేసి ఇస్తే యజమానులకూ ఖర్చు పెద్దగా ఉండదు. కొత్త బ్యాచులు చేరే జూన్‌కు ముందే ఇది జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, తిరుపతి