పని నీది, మాట వాడిది

ఏరా,

నీ ఉత్తరం అందింది. ఎంత మండిపోతున్నావో నీ రాతే చెబుతోంది. కోపం రాక ఏం చేస్తుంది! రిఫండ్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో పాత ఫైళ్లన్నీ తిరగేసి పట్టుకున్నది నువ్వు. ఒకే బిల్లు రెండు చోట్ల ఆమోదం కోసం ఆగుతోందనీ, ఆ రెండోది అసలు అక్కర్లేదనీ తేల్చిందీ నువ్వే. తీరా మీటింగులో మీ టీమ్‌లోని ఆ పెద్దమనిషి లేచి "మేం గమనించిందేంటంటే" అంటూ దర్జాగా అప్పజెప్పేశాడు. ఇది మొదటిసారీ కాదు. ఈసారి అందరి ముందూ కడిగేస్తానంటున్నావు.

కాస్త ఆగు. కడిగేస్తే ఆ గదిలో ఉన్నవాళ్లకి రిఫండ్ల సంగతి గుర్తుండదు, మీ ఇద్దరి గొడవే గుర్తుంటుంది. పైగా వాడు "అయ్యో, టీమ్ పనే కదా, నాదని నేనెక్కడన్నాను?" అంటాడు. దానికి నీ దగ్గర జవాబుండదు. పేచీకోరువాడన్న పేరు మాత్రం నీకొస్తుంది.

అక్కడికక్కడ చేయగలిగింది ఒకటుంది. వాడు చెప్పడం అయ్యాక, ఆ పని చేసినవాడికి తప్ప ఇంకొకరికి తెలియని వివరం ఒకటి అందుకో. "అవును, నేను ఆ ఫైళ్లు చూస్తున్నప్పుడు ఇంకోటి కూడా కనబడింది. చిన్న మొత్తాలకే ఆలస్యం ఎక్కువ, ఎందుకంటే వాటిని వారం చివర ఒక్కసారే చూస్తున్నారు" అను. గొంతులో వెటకారం వద్దు. ఎవరినీ తప్పుపట్టలేదు కదా, అయినా పని ఎవరిదో వినేవాళ్లకి అర్థమైపోతుంది. తర్వాతి ప్రశ్న వాణ్ణి కాకుండా నిన్ను అడిగారంటే మందు పనిచేసినట్టే. ఈ మాట ఆ నిమిషంలోనే పడాలి. చర్చ ఇంకో విషయానికి వెళ్లిపోయాక వెనక్కి లాగితే సంజాయిషీలా వినబడుతుంది.

అసలు ఇది మీటింగులో మొదలవ్వట్లేదు. నువ్వు రిపోర్టు పూర్తి చేసి, "ఒకసారి చూడవా" అని వాడొక్కడికే చాట్‌లో పంపుతున్నావు. మేనేజర్ ఆ సంగతి మొదటిసారి వినేది వాడి నోటి నుంచే. ఎవరి నోట ముందు విన్నారో వాళ్లదే పని అనుకోవడం మనుషులకి మామూలే. ఇకమీదట మీటింగుకి ముందురోజే మేనేజర్‌కీ, వాడికీ, వచ్చేవాళ్లందరికీ కలిపి పంపు. "రిఫండ్ల ఆలస్యంపై నేను చూసింది జత చేశాను, రేపు పది నిమిషాల్లో వివరిస్తాను" అని రెండు ముక్కలు చాలు. వాణ్ణి వదిలేసి మిగతావాళ్లకే పంపకు, అది యుద్ధ ప్రకటన అవుతుంది.

ఇక వాడితో విడిగా మాట్లాడే సంగతి. వాడు కావాలనే చేస్తున్నాడని నీకు ఖాయంగా తెలుసా? 1979లో రాస్, సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఏ ఇంటిపనిలో ఎవరి వంతు ఎంతో అడిగారు. ఇద్దరి లెక్కలూ కలిపితే చాలా జంటల్లో వందశాతం దాటిపోయింది. ఎవరు చేసింది వాళ్లకే బాగా గుర్తుంటుంది మరి. నీ రిపోర్టులో రెండు వాక్యాలు దిద్దిన మీవాడు సగం తనదే అని నిజంగానే నమ్ముతుండొచ్చు. (నాకైతే ఆ నమ్మకం లేదనుకో.) అందుకే "నువ్వెప్పుడూ ఇంతే" అనకు. "నిన్న రిఫండ్ల గురించి నువ్వు చెప్పావు కదా, ఆ విశ్లేషణ నేను చేసింది. నా పేరు రాకపోయేసరికి ఇబ్బందిగా అనిపించింది. ఈసారి ఆ భాగం నేనే చెబుతాను" అని ఆపెయ్. తర్వాత వాడు మాట్లాడేదాకా మాట్లాడకు. పొరపాటున చేసినవాడైతే నాలుక్కరుచుకుంటాడు. కావాలని చేసినవాడైనా, నువ్వు గమనిస్తున్నావని తెలిశాక కాస్త తగ్గుతాడు.

ఆ తర్వాత కూడా అదే వరస అయితే మేనేజర్ దగ్గరికి వెళ్లు, కానీ చాడీతో కాదు. "రెండో ఆమోదం తీసేసే పని నేను చూస్తున్నాను, దాని ప్రగతి మీటింగుల్లో నేనే చెప్పనా?" అని అడుగు. సరే అన్నాడంటే ఆ పని నీ పేరు మీద స్థిరపడినట్టే. ఇదంతా అప్రైజల్ దాకా దాచిపెట్టి ఒకేసారి కుమ్మరిస్తే మాత్రం పాత పగ తీర్చుకుంటున్నావనుకుంటారు.

ఒకవేళ అంతా తెలిసి కూడా మేనేజర్ వాణ్ణే ముందుకు తోస్తుంటే, వీటిలో ఏదీ పనిచెయ్యదు. అప్పుడు ఆలోచించాల్సింది వాడి గురించి కాదు, ఇంకో టీమ్ గురించి. ఇప్పుడే అంతదూరం వెళ్లక్కర్లేదులే.

గురువారం మీటింగన్నావు కదా. ఆ మెయిల్ బుధవారం పొద్దున్నే పంపు, రాత్రి పంపితే ఎవడూ తెరవడు. మీటింగయ్యాక ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు రాయి. ముఖ్యంగా వాడి ముఖం ఎలా ఉందో రాయడం మర్చిపోకు.

నీ
పాత బెంచీ మిత్రుడు