ముందువైపు 2 గ్రాములు, వెనకవైపు లెక్క వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య ఆదివారం అనుబంధాల్లో, కార్బోహైడ్రేట్లు బాగా తగ్గించి తినేవాళ్ల కోసమంటూ ‘కీటో’ బిస్కెట్లు, ‘లో కార్బ్’ మిక్చర్ల ప్రకటనలు తరచూ కనిపిస్తున్నాయి. అన్నిటిలోనూ పెద్ద అక్షరాల్లో ఉండే మాట ఒకటే: ‘నెట్ కార్బ్స్ ఇన్ని గ్రాములే’. నేను ఆహార రసాయనశాస్త్రం బోధించి రిటైరైనదాన్ని. మా అపార్ట్‌మెంట్‌లో షుగర్ ఉన్నవాళ్లు ఆ ప్యాకెట్లు పట్టుకొచ్చి ‘ఇది తినొచ్చా మేడమ్?’ అని అడుగుతుంటారు. చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బు పెట్టి కొన్న మనిషికి ఆ జవాబు ప్యాకెట్ మీదే దొరకాలి కదా. దొరకడం లేదు. దానికి కారణం కొంత కంపెనీలు, ఎక్కువగా మన నిబంధనలు.

నెట్ కార్బ్ అంటే, మొత్తం కార్బోహైడ్రేట్లలోంచి మనకు అరగని పీచునూ, పాలియాల్స్ అనే తీపి పదార్థాలనూ తీసేయగా మిగిలేది. అరిగి రక్తంలో గ్లూకోజుగా మారే భాగం అన్నమాట. ఆలోచన తప్పు కాదు. అయితే దీన్ని ఎలా లెక్కకట్టాలో మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎక్కడా నిర్వచించలేదు. ‘పీచు ఎక్కువ’ అని రాసుకోవాలంటే 100 గ్రాములకు కనీసం 6 గ్రాముల పీచుండాలని, ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే చక్కెరలు అర గ్రాము దాటకూడదని 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నెట్ కార్బ్‌కు అలాంటి హద్దు లేదు. అమెరికాలో ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. కూడా ఈ మాటను నిర్వచించలేదు. అందువల్ల ఏది తీసేయాలో, ఎంత తీసేయాలో తయారీదారు ఇష్టం.

ఎలా జరుగుతుందో ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో చూపిస్తాను. పేరు చెప్పను. బజారులో ఉన్నవాటికి నమూనాగా వేసుకున్న అంకెలివి. ప్యాకెట్ బరువు 150 గ్రాములు. ముందువైపు ‘ఒక సర్వింగుకు 2 గ్రాముల నెట్ కార్బ్స్’ అని ఉంది. వెనక్కి తిప్పితే సర్వింగంటే 20 గ్రాములు, రెండు చిన్న బిస్కెట్లు. 100 గ్రాములకు ప్రొటీన్ 15, కొవ్వు 32, కార్బోహైడ్రేట్లు 47, అందులో చక్కెరలు 2, పీచు 15, పాలియాల్స్ 22 గ్రాములు. 47లోంచి 15, 22 తీసేస్తే 10. అందులో అయిదో వంతు 2. కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి.

ముందుగా తేల్చుకోవలసింది, ఆ 47లో పీచు కలిసి ఉందా లేదా అన్నది. మన దేశంలో సాధారణంగా తేమ, ప్రొటీన్, కొవ్వు, బూడిద అనే ఖనిజ భాగం తీసేయగా మిగిలినదాన్ని కార్బోహైడ్రేట్లుగా చూపుతారు. కాబట్టి పీచు లోపలే ఉంటుంది. కానీ అందరూ అలా చేయరు. ప్రొటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్లు, పీచు నాలుగూ కూడి చూడండి. మన ప్యాకెట్‌కు 15, 32, 47, 15 కలిపితే 109. నూరు గ్రాముల బిస్కెట్‌లో నూటతొమ్మిది గ్రాములు పట్టవు. అంటే పీచు కచ్చితంగా 47లో భాగమే, తీసివేత న్యాయమే. మొత్తం నూరు దాటకపోతే మాత్రం ఈ పరీక్షతో ఏదీ తేలదు.

విదేశాల నుంచి పిల్లలు పంపే ప్యాకెట్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. అమెరికా లేబుల్‌లో ‘టోటల్ కార్బోహైడ్రేట్’ పీచుతో కలిపి ఉంటుంది. బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా లేబుళ్లలో కార్బోహైడ్రేట్ల అంకెలోంచి పీచు ముందే తీసేసి ఉంటుంది. లండన్ నుంచి వచ్చిన ప్యాకెట్ మీద మళ్లీ పీచు తీసేస్తే లేని తగ్గింపు వేసుకున్నట్టే. కార్బోహైడ్రేట్ల కంటే పీచు అంకె పెద్దదిగా కనిపిస్తే అది ఆ రకం లేబులని గుర్తుపట్టొచ్చు.

ఇక అసలు తిరకాసు పదార్థాల జాబితాలో ఉంది. జాబితాను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. మన బిస్కెట్‌కు అది ఇలా ఉంది: బాదం పిండి 40 శాతం, స్వీటెనర్ (ఐ.ఎన్.ఎస్. 965), వెన్న, ఐసోమాల్టో ఆలిగోసాకరైడ్, వే ప్రొటీన్, టాపియోకా స్టార్చ్.

ఐ.ఎన్.ఎస్. అన్నది ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే కోడ్. అందులో 965 అంటే మాల్టిటాల్ అనే పాలియాల్. పాలియాల్స్ అన్నీ ఒకటి కావు. ఎరిథ్రిటాల్, అంటే 968, దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్లినా గ్లూకోజుగా మారకుండా మూత్రంలో బయటికి పోతుంది. దాన్ని పూర్తిగా తీసేయొచ్చు. మాల్టిటాల్ అలా కాదు. పేగుల్లో కొంత విడిపోయి గ్లూకోజునిస్తుంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే అంకె, 35 దరిదాపుల్లో ఉంటుంది, మామూలు పంచదారది 65. అందుకే జాగ్రత్తగా లెక్కవేసేవాళ్లు మాల్టిటాల్‌లో సగమే తీసేస్తారు. ఇక్కడ 22లో 11 మాత్రమే. బిస్కెట్ తయారీలో మాల్టిటాల్ పంచదారలాగే ఇమిడిపోతుంది, ఎరిథ్రిటాల్ చల్లారాక గరగరలాడుతుంది. తయారీదారులు మాల్టిటాల్‌ను వదలకపోవడానికి అదొక కారణం.

కొందరు పాలియాల్స్ ఎంతో అంకె వేయరు. అప్పుడు ‘పాలియాల్స్ వల్ల విరేచనాలు కావచ్చు’ అనే హెచ్చరిక ఉందేమో వెతకండి. పాలియాల్స్ 10 శాతమో అంతకు మించో ఉంటేనే అది రాయాలి. ఆ ఒక్క వాక్యంతో నూరు గ్రాములకు కనీసం పది గ్రాములున్నాయని తెలిసిపోతుంది.

తర్వాత పీచు. 15 గ్రాములూ బాదం నుంచి వచ్చి ఉంటే ఏ పేచీ లేదు. బాదంలో పీచు పన్నెండు, పదమూడు శాతం. బిస్కెట్‌లో బాదం 40 శాతమే కాబట్టి దానివల్ల వచ్చేది 5 గ్రాములు. మిగతా 10 ఎక్కడివి? జాబితాలో ఉన్న ఐసోమాల్టో ఆలిగోసాకరైడ్‌వే కావాలి. పిండి నుంచి ఎంజైములతో తయారుచేసే తియ్యటి సిరప్ ఇది. ప్రొటీన్ బార్లలో విరివిగా వాడతారు. చాలాకాలం దీన్ని పీచుగా చూపించి అమ్మారు. ఇది చిన్నపేగులో చాలావరకు అరిగి రక్తంలో గ్లూకోజు పెంచుతుందని పరీక్షల్లో కనబడింది. 2018లో అమెరికా ఎఫ్.డి.ఎ. పీచుగా ఒప్పుకున్న కొత్త పదార్థాల జాబితాలో ఇనులిన్, పాలీడెక్స్‌ట్రోజ్ లాంటివి చేరాయి, ఇది చేరలేదు.

ఇప్పుడు మళ్లీ లెక్క వేద్దాం. 47లోంచి బాదం పీచు 5, మాల్టిటాల్‌లో సగం 11 తీసేస్తే 31. నూరు గ్రాములకు 10 అని చెప్పిన చోట 31. ఇది పైహద్దు. ఆ సిరప్‌లో అరగని భాగం కొంత ఉంటుంది కాబట్టి నిజం ఇంతకు కాస్త తక్కువే ఉండొచ్చు. అయినా రెండు బిస్కెట్లకు 2 గ్రాములని చెప్పినచోట 6 వరకు వస్తుంది. రెండు బిస్కెట్లతో ఆగేవాళ్లను నేను చూడలేదు. టీతో పాటు సగం ప్యాకెట్, 75 గ్రాములు తింటే ప్రకటన ప్రకారం ఏడున్నర గ్రాములు, ఈ లెక్కన 23.

రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు కార్బ్స్ పెట్టుకున్న మామూలు లో కార్బ్ పద్ధతివాళ్లకు దీనివల్ల కొంప మునగదు. మైదా బిస్కెట్ల కంటే మేలే. కీటో పాటించేవాళ్ల హద్దు సాధారణంగా 20 నుంచి 50. పాతిక గ్రాములతో నెట్టుకొచ్చే మనిషికి ఒక టీ వేళతోనే ఆ రోజు కోటా అయిపోతుంది. బరువు ఎందుకు తగ్గడం లేదో, ఒంట్లో కొవ్వు ఖర్చవుతోందని చెప్పే కీటోన్లు ఎందుకు రావడం లేదో అర్థంకాక అన్నం మెతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. ఇంట్లో గ్లూకోమీటరున్నవాళ్లు బిస్కెట్లు విడిగా తిని, తినే ముందూ, గంటకూ, రెండు గంటలకూ చూసుకుంటే ప్యాకెట్ చెప్పిన అంకె, నేను వేసిన పైహద్దు, ఈ రెంటిలో తమకు ఏది దగ్గరో తెలుస్తుంది. కొవ్వు వల్ల అరుగుదల నెమ్మదిస్తుంది, రెండో గంట మానొద్దు. ఒక మాట: ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా కీటో జోలికి పోకూడదు. షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఆ మాత్రలతో ఉంది.

ఇంత లెక్క వేయగలిగామంటే ప్యాకెట్ మీద పీచు, పాలియాల్స్ అంకెలు ఉండబట్టే. చాలా చిరుతిళ్ల మీద అవి ఉండవు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం కార్బోహైడ్రేట్లు, మొత్తం చక్కెరలు, కలిపిన చక్కెరలు రాయడం తప్పనిసరి. పీచు ఆ తప్పనిసరి జాబితాలో లేదు. 2024 జులైలో ఆహార ప్రాధికార సంస్థ చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెలను బొద్దు అక్షరాల్లో వేయించాలన్న ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. మంచిదే. కానీ మన బిస్కెట్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. చక్కెరలు 2 గ్రాములే కదా, బొద్దుగా వేస్తే ఇంకా ముచ్చటగా కనిపిస్తుంది. పిండి నుంచి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి కూడా చట్టం దృష్టిలో చక్కెర కాదు, అయినా రక్తంలో గ్లూకోజును పంచదార కంటే వేగంగా పెంచుతుంది. చక్కెర గడి నుంచి అదీ తప్పించుకుంటుంది.

కాబట్టి ప్రాధికార సంస్థ చేయవలసినవి రెండున్నాయి. నెట్ కార్బ్ అని రాసే ప్రతి ప్యాకెట్ మీదా తీసేసిన పీచు ఏ పదార్థానిది ఎంతో, పాలియాల్ ఏది ఎంతో, 100 గ్రాముల లెక్కన విడివిడిగా చూపించాలి. కార్బోహైడ్రేట్ల అంకెలో పీచు ఉందో లేదో ఆ వరుసలోనే రాయాలి. ఇది చేతగాని పని కాదు. 2024 జూన్‌లో ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాటను లేబుళ్ల మీంచీ ప్రకటనల్లోంచీ తీసేయమని ఆ సంస్థే ఆదేశించింది. కొత్త చట్టమేమీ అక్కర్లేకపోయింది.

మీకు కూడా ఒక విన్నపం. 2018 నిబంధనలు ప్యాకెట్లకే కాదు, ప్రకటనలకూ వర్తిస్తాయి. నెట్ కార్బ్ అంకెతో ప్రకటన వచ్చినప్పుడు ప్యాకెట్ వెనకవైపు ఫోటో కూడా దానితో పంపమని మీ ప్రకటనల విభాగం అడగవచ్చు. ఇవ్వలేనివాళ్లు ఆ అంకె లేకుండా ప్రకటన వేసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు
విజయవాడ