క్షతగాత్రుల జాబితా వేరు, ఎంఎల్‌సీ రిజిస్టర్ వేరు

సంపాదకుడు గారికి,

విజయవాడ–గుంటూరు హైవే మీద ప్రమాదం జరిగితే కాసేపట్లోనే క్షతగాత్రుల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చాలాసార్లు అది క్యాజువాలిటీలోని ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుల రిజిస్టర్ పేజీకి తీసిన ఫోటోనే. ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని కాబట్టి చూడగానే గుర్తుపడతాను.

ఆ పేజీ పోలీసుల కోసం, కోర్టు కోసం రాసేది. తండ్రి పేరు, ఇంటి చిరునామా, గుర్తింపు కోసం ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల కొలతలు, నోటి దగ్గర మద్యం వాసన ఉందో లేదో కూడా అందులో ఉంటాయి. ‘తీసుకొచ్చినవారు’ అన్న గడిలో సాయం చేసిన మనిషి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి.

మా బంధువుల అబ్బాయి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఎక్స్‌రే చూసి డాక్టరు ఇంకా ఏమీ చెప్పకముందే వాళ్లమ్మకి ఎవరో ఫోన్ చేశారు. “అమ్మా, బాబుకి తొడ ఎముక విరిగింది కదా, క్లెయిమ్ కేసు మేం వేయిస్తాం, వేరే ఎవరికీ సంతకం పెట్టొద్దు” అన్నారు. బిడ్డకి ఏమవుతుందోనన్న టెన్షన్‌లో ఉన్న తల్లి ఆ మాటతో కూలబడిపోయింది. అబ్బాయిని ఆటోలో తెచ్చిన కుర్రాడికీ ఫోన్లు వెళ్లాయి, సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పడానికి. ఇప్పుడతను ఎవరు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. ప్రమాదాన్ని కళ్లారా చూసింది అతనొక్కడే. రేపు ట్రిబ్యునల్‌లో డ్రైవరు తప్పు చెప్పేవాళ్లు లేకపోతే నష్టం అబ్బాయికే.

నిజానికి ఆ ‘తీసుకొచ్చినవారు’ గడి నింపాలని ఎవరూ పట్టుబట్టకూడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, ఆ తర్వాత 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం సాయం చేసినవారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టరాదు. ఆ హక్కుల్ని ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో రాసి పెట్టాలి. సాక్ష్యం చెప్పడానికి ఇష్టపడేవారు తమ నంబరు దర్యాప్తు అధికారికి నేరుగా ఇస్తే సరిపోతుంది.

“మరి మావాళ్లు ఎక్కడున్నారో మాకెలా తెలుస్తుంది?” అని అడిగేవాళ్ల బాధ న్యాయమైనదే. బస్సు బోల్తా పడినప్పుడు వాళ్లకి కావాల్సింది పేరు, వయసు, ఊరు, వార్డు. ఈ నాలుగూ వేరే కాగితం మీద రాసి హెల్ప్‌డెస్క్ దగ్గర అంటించవచ్చు. స్పృహ లేనివారికి పేరు బదులు వయసు అంచనా, బట్టల రంగు రాస్తే చాలు. ఎవరైనా ఫోన్ చేస్తే రోగి నంబరు ఇవ్వకుండా, వాళ్ల నంబరు రాసుకుని రోగి మనుషులకి అందించాలి. గాయం వివరం డాక్టరు వార్డులో చెబుతారు. అది గోడ మీదకి ఎక్కనక్కర్లేదు.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు క్యాజువాలిటీలో ఆ రిజిస్టర్ ఫోటో తీయడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులివ్వాలి. మీ విలేకరులకు కూడా జాబితా హెల్ప్‌డెస్క్ నుంచే తీసుకోమని, సాక్షుల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా రాయొద్దని చెప్పండి.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు