మన చదువరుల సంఘం, ఒంగోలు – వార్షిక నివేదిక: ‘ఉండటం’ ఒక లక్షణమేనా?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం లాయర్‌పేటలోని మేడగదిలో తొమ్మిదిసార్లు కలిశాం. ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఒకసారి కూర్చోవడం కుదరలేదు. నెలకో పుస్తకం అనే పాత పద్ధతి మానేసి ఏడాదంతా ఒకే ప్రశ్న పట్టుకుందామని ఉగాదికి అనుకున్నాం కదా. సాక్ష్యాలూ అనుభవాలూ ఏవీ అక్కర్లేకుండా, ‘దేవుడు’ అన్న మాటకున్న అర్థంలోంచే దేవుడున్నాడని రుజువు చేయొచ్చా అన్నది ఆ ప్రశ్న. రాలేకపోయినవాళ్ళు కూడా చర్చ ఎంతదాకా వచ్చిందో తెలుసుకోవాలని కాస్త వివరంగానే రాస్తున్నాను.

వాదం పదకొండో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త ఆన్‌సెల్మ్‌ది. ఫ్రాన్స్‌లోని బెక్ మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు, 1077–78 ప్రాంతంలో రాసిన ‘ప్రోస్లోజియన్’ రెండో అధ్యాయంలో ఉంది. ఆయన దేవుణ్ణి ‘దేనికంటే గొప్పదాన్ని తలచలేమో అది’ అంటాడు. దేవుడు లేడనే మనిషి కూడా ఈ మాట వింటే అర్థం చేసుకుంటాడు. అర్థమైందంటే కనీసం అతని మనసులో అది ఉన్నట్టే. అది మనసులో మాత్రమే ఉందనుకుందాం. అప్పుడు అదే బయట కూడా ఉన్నట్టు తలచుకోవచ్చు, అలా ఉండటం ఇంకా గొప్ప. అంటే దేనికంటే గొప్పదాన్ని తలచలేమో, దానికంటే గొప్పదాన్ని తలచేశాం. ఇది పొసగదు. కాబట్టి అది బయట కూడా ఉండి తీరాలి.

మొదటి సమావేశంలో ఇది నేనే చదివి వినిపించాను, అక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. వాదం చెప్పిన వెంటనే దానిపై జర్మన్ తత్వవేత్త కాంట్ అభ్యంతరం కూడా చెప్పేశాను, మధ్యలో ఆగి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వలేదు. దాంతో కాంట్ దేవుడు లేడని నిరూపించాడన్న అభిప్రాయంతో కొందరు ఇంటికెళ్ళారు. ఇద్దరు పెద్దలు తర్వాత రెండు సమావేశాలకు రాలేదు. నేను వాళ్ళిళ్ళకు వెళ్ళి మాట్లాడాను. రుజువు పనిచేయదంటే రుజువు చేయదలచుకున్నది లేదని కాదు. పదమూడో శతాబ్దపు థామస్ అక్వినాస్ గొప్ప భక్తుడు, అయినా ఆన్‌సెల్మ్ రుజువును ఒప్పుకోలేదు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. ఇద్దరూ మళ్ళీ వస్తున్నారు, వాళ్ళడిగిన ప్రశ్నల వల్లే చర్చకు బలం వచ్చింది.

ఇక అసలు విషయం. కాంట్ 1781లో రాసిన ‘శుద్ధ బుద్ధి విమర్శ’లో, ఉండటమనేది ఒక వస్తువు భావనకు అదనంగా చేర్చగల లక్షణం కాదంటాడు. ఆయనిచ్చిన ఉదాహరణ వంద థాలర్లు, అంటే ఆ కాలపు జర్మన్ వెండి నాణేలు. నా జేబులో ఉన్న వంద థాలర్లలో, నేను ఊహించుకున్న వంద థాలర్ల కంటే ఒక్క నాణెం కూడా ఎక్కువ ఉండదు. నా పరిస్థితిలో తేడా ఉంటుంది గానీ, ‘వంద థాలర్లు’ అన్న భావనలో ఏ తేడా రాదు. ఇది విన్నప్పుడు చాలామందికి మాటల గారడీలా అనిపించింది. విషయం మనసుకెక్కింది ఐదో సమావేశంలో, కరవది నుంచి వచ్చే మన రైతు సభ్యుడి వల్ల.

ఆయన గిత్తను కొనే పద్ధతి చెప్పారు. దళారికి ముందు ఏం కావాలో చెప్పాలి. ఒంగోలు జాతి అంటే సంతలో కొన్ని పక్కన పడతాయి. తెల్లటిది అంటే ఇంకొన్ని పోతాయి. నిండైన మూపురం, పొట్టి కొమ్ములు, వేలాడే గంగడోలు, ఆరు పళ్ళు అంటూ ఒక్కో మాటా చేర్చే కొద్దీ మంద తగ్గుతూ వస్తుంది. చివరికి దళారి రెండో మూడో చూపిస్తాడు. ఆయన నల్లబల్ల మీద ఈ మాటలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ఆఖర్న ‘ఉన్నది’ అని రాశారు. “ఇప్పుడు చెప్పండి, ఈ చివరి మాటతో మందలోంచి ఏ గిత్త పక్కకెళ్ళింది?” అని అడిగారు. ఏదీ వెళ్ళదు. మిగతా మాటలన్నీ గిత్త ఎలా ఉండాలో చెబుతున్నాయి. ఆఖరి మాట గిత్త గురించి ఏమీ చెప్పడం లేదు.

కాంట్ ఇచ్చిన కారణం కూడా ఈ లెక్కలోనే తేలిపోయింది. ఉండటం నిజంగా ఒక అదనపు లక్షణమైతే, రైతు మనసులో అనుకున్న గిత్తకు అది లేదు, సంతలో దొరికిన గిత్తకు ఉంది. అంటే దొరికింది ఆయన అడిగిన గిత్త కాదన్నమాట. కానీ ఆయన అడిగిందే దొరికింది, అందుకే డబ్బిచ్చి తోలుకొచ్చారు.

అప్పుడు రిటైరైన మన లెక్కల మాస్టారు అడ్డుకున్నారు, ఈ ఏడాది విన్న ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. “‘బరువున్న గిత్త’ అన్నా మంద తగ్గదు కదా, ప్రతి గిత్తకీ బరువుంటుంది. అంతమాత్రాన బరువు లక్షణం కాకుండా పోతుందా?” అన్నారు. నిజమే. మంద తగ్గడమొక్కటే పరీక్ష అయితే అది చాలదు. అందరికీ ఉన్న లక్షణం కూడా లక్షణమే.

దీనికి సమాధానం వెతకడానికి తర్వాతి సమావేశం మొత్తం పట్టింది. కాదని చెప్పి చూడటమే రెండో పరీక్ష. ‘ఈ గిత్తకు బరువు లేదు’ అనేది అబద్ధమే, అయినా ఆ మాట ఒక గిత్తను చూపించి దాని గురించి చెబుతోంది. ‘కుందేటికొమ్ము లేదు’ అన్నప్పుడు దేన్ని చూపిస్తున్నాం? ఉండటం అనే లక్షణం లోపించిన కొమ్మొకటి ఎక్కడో పడి ఉందని కాదుగా. లోపం ఉండాలన్నా, ఆ లోపం గల వస్తువు ముందు ఉండాలి. 1641లో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ ఇదే వాదాన్ని త్రిభుజం పోలికతో మళ్ళీ చెప్పినప్పుడు, ఆ కాలపు మరో తత్వవేత్త గాసెండీ చేసిన విమర్శ ఈ దారిలోదే. ఉండటం ఒక గొప్పతనం కాదు, అది లేకపోతే గొప్పతనాలూ లోపాలూ ఏవీ ఉండవు అన్నాడాయన.

మరి ‘లేదు’ అన్న మాట దేని గురించి? జర్మన్ తర్కవేత్త ఫ్రేగే 1884లో చెప్పిన జవాబు మాస్టారికే వెంటనే పట్టుబడింది. ఏదైనా ఉందని చెప్పడమంటే, ఆ వర్ణనకు సరిపోయేవాటి సంఖ్య సున్నా కాదని చెప్పడమే. ‘కుందేటికొమ్ము లేదు’ అంటే కొమ్మున్న కుందేళ్ళ సంఖ్య సున్నా. ‘నాలుగు’ అనేది ఏ ఒక్క గిత్తకూ లక్షణం కానట్టే, ‘ఉండటం’ కూడా ఏ ఒక్క గిత్తకూ లక్షణం కాదు. వర్ణన రాసి పెట్టాక, అది ఎన్నింటికి సరిపోయిందో బయటికెళ్ళి చూడాలి. ఆన్‌సెల్మ్ ఆ బయటి లెక్కను వర్ణనలోనే ఒక వరుసగా రాసుకున్నాడన్నదే ఈ అభ్యంతరం సారం.

ఇక్కడ మన తెలుగు చేసిన సాయం చెప్పాలి. లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ ‘దేవుడు సర్వజ్ఞుడు’ అనడానికీ ‘దేవుడున్నాడు’ అనడానికీ ఒకే క్రియ వాడొచ్చు. మనకు మొదటి వాక్యంలో క్రియే అక్కర్లేదు, రెండోదానికి ‘ఉన్నాడు’ కావాలి. కాదనేటప్పుడు తేడా ఇంకా స్పష్టం: ‘సర్వజ్ఞుడు కాడు’, ‘దేవుడు లేడు’. కాదుకీ లేదుకీ తేడా పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ దీన్నే రుజువుగా పట్టుకోకూడదని మన సభ్యుల్లోని తెలుగు పండితుడొకరు హెచ్చరించారు. ‘పులుసు పుల్లగా ఉంది’ అన్నప్పుడు అదే ‘ఉంది’ లక్షణం చెప్పడానికి వచ్చింది మరి. భాష దారి చూపించింది, తీర్పు మాత్రం వాదంతోనే తేలాలి. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికం వాళ్ళు కూడా సత్తను, అంటే ఉండటాన్ని, గుణాల జాబితాలో చేర్చలేదని, ద్రవ్యగుణకర్మలన్నింటిలో ఉమ్మడిగా ఉండే సామాన్యంగా లెక్కించారని ఆయనే చెప్పారు. అది ఫ్రేగే మాట కాదు, రెంటినీ కలిపేయకూడదు. అయినా ఉండటాన్ని రంగు, రుచి పక్కన కూర్చోబెట్టకూడదని ఇక్కడివాళ్ళకూ తోచింది.

ఇంతటితో ఆన్‌సెల్మ్ ఓడిపోయినట్టేనా అని మధ్యలో రెండు సమావేశాలకు రాని ఆ పెద్దల్లో ఒకరు అడిగారు. ఓడిపోలేదనే నాకు అనిపిస్తోంది. ప్రోస్లోజియన్ మూడో అధ్యాయంలో ఆయన ఇంకో మాటంటాడు: లేకపోవడం సాధ్యమే కానిది, లేకపోవడం సాధ్యమైనదానికంటే గొప్పది. 1960లో అమెరికన్ తత్వవేత్త నార్మన్ మాల్కమ్ దీన్ని బయటికి తీసి, ఉత్తినే ఉండటం లక్షణం కాకపోయినా ‘తప్పనిసరిగా ఉండటం’ లక్షణమేనని వాదించాడు. గిత్త పుడుతుంది, పోతుంది. పుట్టుకా పోవడం లేని తీరు వేరు. ఇది సున్నా లెక్కతో కొట్టేయగలిగే మాట కాదు.

దీనికి మాకు దొరికిన గట్టి జవాబు డెకార్ట్ కాలంలోనే కేటెరస్ అనే మతాచార్యుడు రాసింది. ‘ఉన్న సింహం’ అని ఒక భావన కల్పించుకుంటే, అందులో సింహమూ ఉండటమూ రెండూ విడదీయలేనివే. అంతమాత్రాన ఎక్కడా సింహం పుట్టుకురాదు. అలాగే ‘తప్పనిసరిగా ఉండేది’ అన్న వర్ణనకు సరిపోయేది ఒకటుంటే, అది తప్పనిసరిగానే ఉంటుంది. ఆ ‘ఉంటే’ని ఎలా దాటాలన్నదే మిగిలిన సమస్య. అలాంటిది కనీసం సాధ్యమని ఒప్పుకుంటే చాలు, దాటొచ్చని మాల్కమ్ వైపువాళ్ళంటారు. ఆ సాధ్యాన్ని ఎందుకు ఒప్పుకోవాలని అవతలివాళ్ళంటారు. తొమ్మిదో సమావేశం ఇక్కడ ఆగింది, రాత్రి తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ గేటు వేస్తానని వచ్చే దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

జమాఖర్చులు క్లుప్తంగా: చందాలు, కరెంటు, జిరాక్స్ కాపీలు, టీ ఖర్చు ఆడిట్ అయ్యాయి, పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. బాకీ చందాలు ఉగాదిలోపు కట్టండి. మేడగది ఇంటివారు ఈ ఏడూ అద్దె తీసుకోలేదు, వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది మొదటి సమావేశానికి ప్రోస్లోజియన్ మూడో అధ్యాయం తెలుగు చేసి అందరికీ పంచుతాం. అందులో ‘సాధ్యం’ అన్న మాట దగ్గర మాస్టారు మొదలుపెడతారు. కరవది సభ్యుడు నల్లబల్ల మీద రాసిన జాబితాను మనం తుడవలేదు, దాని పక్కనే రాసుకోవడానికి చోటు ఉంచాం.

ఇట్లు
కార్యదర్శి