చిన్నబాబుకి అమ్మ

చిరంజీవి చిన్నబాబుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. కొబ్బరి దింపు అయింది, ధర మాత్రం లేదు. బేబీ పిన్ని మోకాలు అలాగే ఉంది. నువ్వు ఫోన్ చెయ్యట్లేదని నేనేమీ అనుకోవట్లేదు, పని ఉంటుంది కదా. అన్నట్టు నీ క్రెడిట్ కార్డు కాయితం ఇక్కడికే వచ్చింది. మీ నాన్న చూడకుండా దిండు కింద పెట్టాను.

అరవై వేలు బాకీ, నెలకి నూటికి మూడున్నర వడ్డీ! మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటేనే నోరు నొక్కుకుంటాం. వడ్డీ 2,100, దానిమీద జీఎస్టీ 378. మినిమమ్ అని నువ్వు కట్టిన 3,000లో అసలుకి చేరేది ఐదొందల చిల్లరే. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా ఏం కొన్నా ఆ రోజునుంచే వడ్డీ పడుతుందట. ఆ కార్డు గీకడం ఆపు ముందు.

బ్యాంకులో ఉన్న పాతిక వేలూ కార్డుకి కట్టేస్తానని సత్తిబాబుతో అన్నావట. వద్దు. 96లో మీ తాతయ్య అదే చేశారు. దసరాకి కాయల డబ్బు రాగానే, పరువు పోతుందని షావుకారు బాకీ పైసా మిగల్చకుండా కట్టేశారు. షావుకారు కాఫీ కూడా ఇప్పించాడట, ఆ కాఫీ గురించి ఎన్నిసార్లు చెప్పేవారో! నవంబరు ఆరున తుఫాను. చెట్లు పడిపోయాయి, చేను నీళ్ళలో పడుకుంది, పెంకులన్నీ లేచిపోయాయి. అదే షావుకారు దగ్గరికెళ్తే, చెట్లే లేనివాడికి దేన్ని చూసి ఇవ్వమంటారు అన్నాడు. చివరికి వేరే చోట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు రూపాయల బాకీ తీర్చి ఐదు రూపాయల బాకీలో పడ్డారు. రేపు అవసరం వస్తే నీకు దిక్కు ఆ ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌లే. కార్డులో లిమిట్ ఖాళీ అవుతుంది కదా అంటావేమో. అది నీ డబ్బు కాదు, బ్యాంకు ఎప్పుడైనా తగ్గించేస్తుంది.

అందుకని పదిహేను వేలు పక్కన పెట్టు, నీకు నెల తిండికీ అద్దెకీ సరిపోతుంది. ఫోన్ పేకి తగిలించని ఖాతాలో దాచుకో, లేకపోతే బిర్యానీలకి పోతుంది. దాన్ని ఉంచుకున్నందుకు నెలకి ఐదొందల పాతిక వడ్డీ అదనం, నిజమే. ఆ మాత్రం పడాలి. మిగతా పది వేలు ఇవాళే కార్డుకి కట్టు, ఆ తర్వాత జీతంలో మిగిలిందంతా దానికే. అంతకుమించి దాచడం ఇప్పుడొద్దు, సేవింగ్స్ ఖాతా ఏడాదికిచ్చే వడ్డీ నీ కార్డు ఒక్క నెలలో తినేస్తుంది. కార్డు తీరాక అదే డబ్బు మూడు నెలల ఖర్చుకి సరిపడా పోగయ్యేదాకా దాచుకో. చదువు లోను వడ్డీ తక్కువే, దాని వాయిదా తప్పకపోతే చాలు.

లెక్చర్ ఇస్తున్నాననుకోకు. రాత్రి పెరుగన్నం తింటున్నావా? డబ్బు మిగల్చాలని భోజనం మానితే ఊరుకోను. గురువారం సత్తిబాబు వస్తున్నాడు, పూతరేకులు, మాగాయి పంపిస్తున్నాను. స్టీలు డబ్బా మాత్రం కడిగి అతనితోనే తిప్పి పంపు, కిందటిసారిది ఇంతవరకూ రాలేదు.

మీ అమ్మ